పరిశోధన వ్యాస ప్రవేశికలో ఎత్తుగడలు, సడలింపులు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పరిశోధన వ్యాస ప్రవేశికను కొన్ని ఎత్తుగడల వరుసగా చూసే పద్ధతిని జాన్ స్వేల్స్ 1981లో ప్రతిపాదించి, 1990లో సవరించాడు. దాదాపు అదే కాలంలో, వాదన బలాన్ని తగ్గించి చెప్పే ‘హెడ్జింగ్’ పై మరొక పరిశోధనాధార సాగింది. ఈ రెండింటినీ కలిపి చదివితే, కొత్త రచయితకూ అనుభవజ్ఞుడికీ ఉన్న తేడా సడలింపుల సంఖ్యలో కాక, అవి ఏ ఎత్తుగడలో వస్తున్నాయి, ఏ ఆధారం కొరవడిందని చెబుతున్నాయి అన్న విషయాల్లో ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇందుకు 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల వ్యాసాన్నీ, నన్నెచోడుని కాలచర్చపై కల్పించిన రెండు ప్రవేశికలనూ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రక్రియా విశ్లేషణ, ప్రవేశిక, ఎత్తుగడ, సడలింపు, స్వేల్స్, హైలాండ్, తెలుగు పరిశోధన రచన.

1. ఉపోద్ఘాతం

పరిశోధన వ్యాసాల్లో ‘కావచ్చు’, ‘అనిపిస్తుంది’, ‘బహుశా’ వంటి మాటలను ఎంతవరకు వాడాలన్న విషయంలో పర్యవేక్షకులు రెండు రకాల సలహాలిస్తారు. పరిశోధకుడు నిశ్చయంగా మాట్లాడాలని కొందరంటే, వినయంగా మాట్లాడాలని మరికొందరంటారు. రెండు సలహాలూ ఈ మాటలను వ్యాసమంతటికీ ఒకే మోతాదులో కలపదగిన ద్రవ్యంగానే భావిస్తాయి. భాషాశాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం వీటి సంఖ్యనే లెక్కించారు. అయితే ప్రవేశికలో ప్రతి వాక్యానికీ ఒకే పని ఉండదు. తెలిసినదాన్ని చెప్పే వాక్యం వేరు, ఇతరుల లోపాన్ని చూపే వాక్యం వేరు, తన ప్రతిపాదనను ముందుంచే వాక్యం వేరు. ఈ పనుల్లో దేనికి సడలింపు అవసరం, దేనికి అనవసరం అన్న ప్రశ్న సంఖ్యల లెక్కలో కనుమరుగవుతుంది. ఈ రెండు అధ్యయనధారల చరిత్రను కలిపి చూసి, ఆ ప్రశ్నకు సమాధానం వెతకడం ఈ వ్యాసం పని.

పారిభాషిక పదాల గురించి ఒక మాట. ఇంగ్లీషులో ‘మూవ్’ అనేదానికి ఇక్కడ ‘ఎత్తుగడ’ అనీ, ‘హెడ్జ్’ అనేదానికి ‘సడలింపు’ అనీ వాడుతున్నాను. హెడ్జ్ అంటే అక్షరార్థంలో కంచె. రచయిత తన వాదన చుట్టూ వేసుకునే రక్షణ అన్న ధ్వని ఆ మాటలో ఉంది. వాదన మీది పట్టును కావాలని కొంత వదలడం ప్రధానం కనుక ‘సడలింపు’ అనడమే ఉచితమనిపించింది.

2. నాలుగు ఎత్తుగడల నుంచి మూడింటికి

స్వేల్స్ సూడాన్‌లోని ఖార్టూమ్‌లోనూ, తరువాత ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలోనూ ఇంగ్లీషు బోధించినవాడు. సైన్సు విద్యార్థులకు ఏ ఇంగ్లీషు నేర్పాలన్నది అతని ముందున్న ఆచరణాత్మక సమస్య. వ్యాకరణ రూపాల పట్టికలు దానికి చాలవు. విద్యార్థికి కర్మణి వాక్యం రాయడం వచ్చినా, ప్రవేశికలో మొదట ఏం చెప్పాలో, తరువాత ఏం చెప్పాలో తెలియదు. అందుకే అతడు భౌతికశాస్త్రం, జీవ-వైద్యశాస్త్రాలు, సామాజికశాస్త్రాల నుంచి 48 ప్రవేశికలను తీసుకుని, ఏ భాగం ఏ పని చేస్తున్నదో గుర్తించాడు. 1981లో వెలువడిన ఆ అధ్యయనంలో నాలుగు ఎత్తుగడలున్నాయి. అవి రంగాన్ని నెలకొల్పడం, పూర్వ పరిశోధనను సంగ్రహించడం, ప్రస్తుత పరిశోధనకు దారి సిద్ధం చేయడం, ప్రస్తుత పరిశోధనను పరిచయం చేయడం.

ఈ నమూనాను ఇతర పాఠాలకు అన్వయించినవారికి ఒక చిక్కు ఎదురైంది. మొదటి ఎత్తుగడ ఎక్కడ ముగిసి రెండవది ఎక్కడ మొదలవుతుందో తేల్చడం కష్టమైంది. రంగం ముఖ్యమైనదని చెప్పే వాక్యంలోనే పూర్వ పరిశోధకుల పేర్లుంటాయి. లోపాన్ని చూపే చోటా అవే పేర్లు వస్తాయి. అంటే పూర్వ పరిశోధన ప్రస్తావన ఒక ప్రత్యేకమైన ఎత్తుగడ కాదు, అన్ని ఎత్తుగడలకూ ఉపయోగపడే సాధనం. 1990లో వచ్చిన తన గ్రంథంలో స్వేల్స్ దీనిని అంగీకరించి నమూనాను మూడింటికి కుదించాడు: క్షేత్రాన్ని నెలకొల్పడం, అందులో ఖాళీ స్థానాన్ని చూపడం, ఆ స్థానాన్ని ఆక్రమించడం. పరిశోధనకు చోటు కల్పించుకోవడం అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో దీనికి ‘కార్స్’ అని పేరు వచ్చింది.

ఈ సవరణలో పద్ధతికి సంబంధించిన పాఠం ఒకటుంది. ఎత్తుగడను గుర్తించేది వాక్యరూపాన్నిబట్టి కాదు, అది చేసే పనినిబట్టి. ‘అయితే’, ‘కాని’ వంటి మాటలు రెండవ ఎత్తుగడకు తరచు సంకేతాలవుతాయి గాని, అవి లేకుండానూ ఖాళీని చూపవచ్చు. 1990 నమూనా ప్రకారం రెండవ ఎత్తుగడకు నాలుగు మార్గాలున్నాయి: ఎదురువాదం చేయడం, ఖాళీని చూపడం, ప్రశ్న లేవనెత్తడం, ఉన్న సంప్రదాయాన్ని కొనసాగించడం. వీటిలో మొదటిది ఇతరులతో నేరుగా తలపడుతుంది, చివరిది ఎవరినీ నొప్పించదు. సడలింపు అవసరం కూడా ఈ మార్గాన్నిబట్టి మారుతుంది. అయితే సడలింపును అధ్యయనం చేసినవారు మరొక దారిలో వచ్చారు.

3. తర్కం నుంచి మర్యాదకు

‘హెడ్జ్’ అన్న మాటను భాషాశాస్త్రంలో స్థిరపరచినవాడు జార్జ్ లేకాఫ్. లాట్ఫీ జాదే 1965లో ప్రతిపాదించిన అస్పష్ట సమితుల సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని, 1972లో అతడు ‘ఒక విధంగా’, ‘దాదాపు’ వంటి మాటలు ఒక వర్గంలో సభ్యత్వాన్ని ఎలా మారుస్తాయో పరిశీలించాడు. కాకి నిస్సందేహంగా పక్షి. గబ్బిలాన్ని ‘ఒక విధంగా పక్షి’ అనగలం. లేకాఫ్‌కు ఇది అర్థానికీ తర్కానికీ చెందిన సమస్య. ఆ మాట రాసినవాడు, చదివినవాడు, వారి మధ్య సంబంధం అన్నవి అతని ప్రధానాంశాలు కావు.

ఆ సంబంధాన్ని 1989లో గ్రెగ్ మైయర్స్ ముందుకు తెచ్చాడు. శాస్త్రవేత్త కొత్త వాదన చేసినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. తన వాదనను నమ్మమని తోటివారిని కోరుతాడు. అదే సమయంలో, అంతవరకు వారు నమ్మినది సరికాదని సూచిస్తాడు. రెండూ ఎదుటివారి గౌరవానికి ఇబ్బంది కలిగించేవే. కనుక పరిశోధన వ్యాసంలోని సడలింపు కేవలం అనిశ్చితికి గుర్తు కాదనీ, ఈ వాదనను అంగీకరించే అధికారం మీదేనని తోటివారికి ఇచ్చే మర్యాద కూడాననీ అతడు వివరించాడు. కెన్ హైలాండ్ 1998లో ప్రచురించిన గ్రంథంలో కణ, అణుజీవశాస్త్రాలకు చెందిన 26 వ్యాసాలను విశ్లేషించి, ఒకే సడలింపు ఏకకాలంలో రెండు పనులు చేస్తుందని చూపాడు. ఒకటి వాదనను ఆధారాల మేరకు ఖచ్చితంగా ఉంచడం, రెండవది పాఠకునికి చోటివ్వడం.

ఇక్కడ రెండు ధారలూ కలుస్తాయి. సడలింపు మర్యాద అయితే, ఇతరులతో తలపడే రెండవ ఎత్తుగడలో అది అవసరం. సడలింపు ఖచ్చితత్వమైతే, ఆధారం పూర్తిగా అందని ప్రతిపాదన దగ్గర అవసరం. ఎవరూ కాదనని క్షేత్రవర్ణనలో దానికి చేసే పని ఏమీ లేదు. ఒక ప్రసిద్ధ వ్యాసం ఆధారంగా దీనిని పరీక్షించవచ్చు.

4. 1953: ఒక చిన్న వ్యాసం

1953 ఏప్రిల్ 25న ‘నేచర్’ పత్రికలో డీఎన్ఏ నిర్మాణం గురించి జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ రాసిన వ్యాసం పుటకు కొంచెం మించి ఉంటుంది. దాని ప్రవేశిక కార్స్ వరుసలో నడవదు. మొదటి వాక్యమే మూడవ ఎత్తుగడ: డీఎన్ఏ లవణానికి ఒక నిర్మాణాన్ని సూచించదలచామంటుంది. క్షేత్రాన్ని నెలకొల్పే పనిని రెండవ వాక్యం మాత్రమే చేస్తుంది. ఆ నిర్మాణంలోని కొత్త లక్షణాలు జీవశాస్త్రరీత్యా ఆసక్తికరమని అది చెబుతుంది. ఆ తరువాత రెండవ ఎత్తుగడ ఎదురువాద రూపంలో వస్తుంది. లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ అప్పటికే మూడు గొలుసుల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. అది తృప్తికరంగా లేదని చెప్పి, వాట్సన్, క్రిక్ రెండు కారణాలిస్తారు. ఫ్రేజర్ సూచించిన మరొక మూడు గొలుసుల నిర్మాణం స్పష్టంగా నిర్వచితం కానందున దాని గురించి వ్యాఖ్యానించబోమంటారు. ఆ వెంటనే పూర్తిగా భిన్నమైన నిర్మాణాన్ని ముందుంచుతామని మూడవ ఎత్తుగడకు తిరిగి వస్తారు.

సడలింపులు ఎక్కడున్నాయో గమనించాలి. పౌలింగ్ నమూనాను తిరస్కరించే చోట అవి గుంపుగా కనిపిస్తాయి. తృప్తికరంగా లేదన్న తీర్పు తమ అభిప్రాయమంటారు. మొదటి కారణాన్ని తాము నమ్ముతున్నదిగా చెబుతారు. రెండవ కారణంలో, పరమాణువుల మధ్య కొన్ని దూరాలు మరీ తక్కువగా కనిపిస్తున్నాయంటారు. పౌలింగ్ అప్పటి రసాయనశాస్త్రంలో అగ్రగణ్యుడు. వాట్సన్‌కు అప్పుడు 25 ఏళ్లు. క్రిక్ 36 ఏళ్ల వయసులో ఇంకా పీహెచ్‌డీ పూర్తిచేయలేదు. అయితే తమ నిర్మాణాన్ని వర్ణించేటప్పుడు, రెండు గొలుసులు ఒకే అక్షం చుట్టూ చుట్టుకుని ఉంటాయన్న చోట, వాక్యాలు నిశ్చయార్థంలో నడుస్తాయి. ఆధారాల దగ్గరకు వచ్చేసరికి సడలింపు మళ్లీ కనిపిస్తుంది. అప్పటికి ప్రచురితమైన ఎక్స్-రే సమాచారం తమ నిర్మాణాన్ని గట్టిగా పరీక్షించడానికి చాలదనీ, మరింత ఖచ్చితమైన ఫలితాలతో సరిచూసేవరకు దానిని నిరూపితం కానిదిగానే భావించాలనీ అంటారు.

ఈ చివరి సడలింపులో, ఆధారం తక్కువగా ఉందని చెప్పడంతో ఆగకుండా, ఏ ఆధారం తక్కువో కూడా చెప్పారు. పౌలింగ్, కోరీల వ్యాసమూ ఇదే పని చేసింది. దాని శీర్షికలోనే ‘ప్రతిపాదిత’ అన్న విశేషణం ఉంది. ఎక్స్-రే చిత్రాల తీవ్రతలకు సంబంధించిన వివరమైన గణన ఇంకా జరగలేదనీ, కనుక నిర్మాణం సరైనదని నిరూపితమైనట్లు భావించరాదనీ వారు రాశారు. వారి నిర్మాణం తప్పని తేలింది. సడలింపు వారిని తప్పునుంచి కాపాడలేదు. కాని తప్పును ఎక్కడ వెతకాలో పాఠకునికి ముందే చూపింది.

వ్యాసం చివరిలోని వాక్యం ఇంకా ప్రసిద్ధం. బేసుల జతకూడిక జన్యుపదార్థం నకలు తయారయ్యే విధానాన్ని సూచిస్తున్నదన్న విషయం తమ దృష్టిని దాటిపోలేదని మాత్రమే అది చెబుతుంది. 1988లో వెలువడిన తన ఆత్మకథాత్మక గ్రంథంలో, అది ఇద్దరి మధ్య కుదిరిన రాజీ అని క్రిక్ వివరించాడు. జన్యుశాస్త్ర పర్యవసానాలను చర్చించాలని అతడు కోరగా, నిర్మాణమే తప్పు కావచ్చునన్న భయంతో వాట్సన్ వద్దన్నాడు. అయిదు వారాల తరువాత, మే 30న అదే పత్రికలో వచ్చిన రెండవ వ్యాసంలో ఆ పర్యవసానాలనే వివరంగా రాశారు. వినయంగా కనిపించే ఒక వాక్యం వెనుక ప్రాథమ్యాన్ని నమోదు చేసుకునే కోరిక, తప్పు దొర్లుతుందన్న భయం రెండూ ఉన్నాయి.

ఇదే వ్యాసంలో మరొక రకం సడలింపు కూడా ఉంది. తమ నిర్మాణం ప్రధానంగా, పూర్తిగా కాకపోయినా, ప్రచురితమైన సమాచారంపై ఆధారపడిందని రచయితలు రాశారు. లండన్ కింగ్స్ కాలేజీలోని మారిస్ విల్కిన్స్, రోజలిండ్ ఫ్రాంక్లిన్‌ల అప్రచురిత ఫలితాల సాధారణ స్వరూపం తెలియడం తమకు ప్రేరణ ఇచ్చిందని కృతజ్ఞతలలో పేర్కొన్నారు. నిజానికి ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్-రే చిత్రాన్ని వాట్సన్ అంతకుముందే చూశాడు. ఆమె కొలతలున్న ఒక నివేదిక క్రిక్‌కు అందింది. ఆ నిర్మాణాన్ని నిర్ధారించుకోవడంలో అవి ఎంత ముఖ్యమో తరువాతి చరిత్రకారులు విస్తృతంగా చర్చించారు. ‘పూర్తిగా కాకపోయినా’ అన్న సడలింపు అబద్ధం కాదు. కాని అది దేన్ని మినహాయిస్తున్నదో చెప్పదు. ముందు చూసిన సడలింపులు ఏ ఆధారం కొరవడిందో పేరు పెట్టి చెప్పగా, ఇది ఉన్న ఆధారం పేరును దాచింది. పదాలను లెక్కించే గణాంకం ఈ రెండింటినీ ఒకే గడిలో వేస్తుంది.

5. కొత్త రచయితల లెక్కలు, వాటి పరిమితి

కొత్త రచయితల గురించి ఎక్కువగా ఉటంకించే అధ్యయనాలలో ఒకటి హైలాండ్, జాన్ మిల్టన్ 1997లో ప్రచురించినది. హాంకాంగ్ విద్యార్థులూ, వారి వయసు బ్రిటిష్ విద్యార్థులూ పాఠశాల చివరి పరీక్షల్లో రాసిన వ్యాసాలను, ఒక్కొక్క వర్గానికి సుమారు 5 లక్షల పదాల చొప్పున, వారు పోల్చారు. నిశ్చయాన్నీ అనిశ్చయాన్నీ తెలిపే మాటలు మొత్తంమీద రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. తేడా వేరేచోట ఉంది. హాంకాంగ్ విద్యార్థులు తక్కువ రకాల పదాలతో సరిపెట్టుకున్నారు. వాదనలను మరింత దృఢంగా చెప్పారు. అనిశ్చయపు మెట్లను సరిగా చూపలేకపోయారు.

ఈ ఫలితాన్ని పరిశోధక విద్యార్థులకు నేరుగా అన్వయించరాదు. ఆ రచయితలు పాఠశాల విద్యార్థులు, రాసినవి పరీక్ష వ్యాసాలు. రెండు వర్గాల మధ్య తేడా అనుభవానిది కాదు, మాతృభాషది. అయినా మొత్తం సంఖ్య సమానంగా ఉంటూ నైపుణ్యం వేరుగా ఉండవచ్చునన్న ఆ ఫలితం మన ప్రశ్నకు ఉపయోగపడుతుంది. సంఖ్య తేడాను చూపలేనప్పుడు స్థానాన్ని చూడాలి.

6. తెలుగు ప్రవేశికలో

తెలుగు వాక్యంలో వాదన బలం చాలావరకు చివరి క్రియలో తేలుతుంది. ‘పూర్వుడు’, ‘పూర్వుడు కావచ్చు’, ‘పూర్వుడనిపిస్తుంది’, ‘పూర్వుడట’, ‘పూర్వుడని తెలుస్తోంది’ అన్న అయిదింటికీ మొదటి భాగం ఒకటే. చివరి మూడింటిలో తెలిసినవాడెవరు, తెలిసింది ఎలా అన్నవి మారుతాయి. ‘తెలుస్తోంది’ అన్న రూపం ఎవరికి తెలుస్తోందో చెప్పకుండా తప్పుకుంటుంది. ‘అని చెప్పవచ్చు’ మరింత కపటమైనది. మన వ్యాసాల్లో ఇది తరచుగా పేరాను ముగించే అలవాటు మాత్రమే. ‘నన్నయ ఆదికవి అని చెప్పవచ్చు’ అన్న వాక్యంలో రచయితకు ఏ సందేహమూ లేదు. నిజమైన సడలింపును గుర్తించడానికి ఒక ప్రశ్న చాలు: ఏ ఆధారం దొరికితే ఈ ‘వచ్చు’ను తీసివేయగలం? సమాధానముంటే అది సడలింపు, లేకపోతే అలంకారం.

ఇప్పుడు నన్నెచోడుని కాలంపై ఒక కొత్త పరిశోధకుడు రాయగల ప్రవేశికను ఊహించుకుందాం. ఇది కల్పిత ఉదాహరణ.

“నన్నెచోడుడు ప్రాచీనకవి అని చెప్పవచ్చు. ఆయన గొప్ప కవి అని పలువురు భావిస్తారు. ఆయన కాలంపై ఇంతవరకు ఎవ్వరూ సమగ్రంగా పరిశోధించలేదు. ఈ వ్యాసంలో ఆ కాలాన్ని నిర్ణయించడానికి నాకు తోచినంతలో ప్రయత్నిస్తాను.”

మొదటి రెండు వాక్యాలు క్షేత్రాన్ని నెలకొల్పేవి. వాటిని ఎవరూ కాదనరు, అయినా రెండింటా సడలింపు ఉంది. మూడవది రెండవ ఎత్తుగడ. నాలుగింటిలోనూ వివాదాస్పదమయ్యే వాక్యం ఇదొక్కటే, ఇందులోనే సడలింపు లేదు. పైగా అది సత్యం కాదు. నన్నెచోడుని కాలంపై శతాబ్దానికి పైగా చర్చ సాగుతోంది. చివరి వాక్యంలోని సడలింపు ఏ ఆధారం గురించీ చెప్పదు, రచయిత వినయాన్ని మాత్రమే చెబుతుంది. అదే విషయాన్ని మరో విధంగా రాయవచ్చు.

“మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవం మొదటి భాగాన్ని ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని ప్రతిపాదించాడు. తరువాతి పండితులలో ఎక్కువమంది దీనిని అంగీకరించక, కవిని 12వ శతాబ్దికి చెందినవాడిగా భావించారు. ఈ చర్చలో చారిత్రకాధారాలకు దక్కినంత ప్రాధాన్యం కావ్యంలోని క్రియారూపాలకు దక్కినట్లు కనబడదు. ఈ వ్యాసం మొదటి మూడు ఆశ్వాసాలలోని క్రియారూపాలను నన్నయ ఆదిపర్వంలోని వాటితో పోలుస్తుంది. వ్రాతప్రతుల పాఠభేదాలను పరిశీలించనిదే ఈ పోలిక ఒక్కటే కాలాన్ని తేల్చలేకపోవచ్చు.”

ఇందులోని మూడవ వాక్యాన్ని సంబంధిత రచనలన్నీ చదివిన తరువాతనే రాయాలి. ఇక్కడ దానిని నిర్మాణాన్ని చూపడానికే వాడాను. రెండు ప్రవేశికల్లోనూ సడలింపుల సంఖ్యలో పెద్ద తేడా లేదు. స్థానం మారింది. క్షేత్రం గురించిన వాక్యాలు పేర్లతో, సంవత్సరంతో నిలబడ్డాయి. ఖాళీని చూపే వాక్యం ‘కనబడదు’ అని తగ్గింది, ఎందుకంటే చదవని రచన ఒకటి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఏం చేస్తామో చెప్పే వాక్యం నిశ్చయంగా ఉంది, ఎందుకంటే అది రచయిత చేతిలోని పని. చివరి సడలింపు కొరవడిన ఆధారానికి పేరు పెట్టింది, అది పాఠభేదాల పరిశీలన.

తెలుగులో రెండవ ఎత్తుగడ ఎందుకు ఇబ్బంది పెడుతుందన్నది వేరే ప్రశ్న. మలయ్ భాషలోని ప్రవేశికలను పరిశీలించిన అధ్యయనంలో, ఈ ఎత్తుగడ లేనివి గణనీయంగా కనిపించాయి. పరిశోధక సమాజం చిన్నదైనప్పుడు ఖాళీ కోసం పోటీ తక్కువగా ఉంటుంది, ఎదురువాదం వ్యక్తిగతంగా తగులుతుంది. తెలుగు సాహిత్య పరిశోధనలోనూ విమర్శించవలసిన గ్రంథకర్త కొన్నిసార్లు పర్యవేక్షకునికి గురువో, సహాధ్యాయో అవుతాడు. ‘ఎవ్వరూ పరిశోధించలేదు’ అన్న వాక్యం పైకి సాహసంగా కనిపిస్తుంది గాని, ఎవరి పేరూ చెప్పకుండా తప్పించుకునే మార్గం కూడా అదే కావచ్చు. దీనిని నిర్ధారించాలంటే తెలుగు వ్యాసాల ప్రవేశికలను తగినన్ని తీసుకుని, ఇద్దరు పరిశీలకులు విడివిడిగా ఎత్తుగడలను గుర్తించి, వారి నిర్ణయాలు ఎంతవరకు కలుస్తాయో చూడవలసి ఉంటుంది.

7. ముగింపు

స్వేల్స్ ప్రవేశికలోని పనులను వేరుచేశాడు. లేకాఫ్ నుంచి హైలాండ్ వరకు వచ్చిన పరిశోధకులు సడలింపు అర్థాన్నీ, మర్యాదనూ వివరించారు. రెండింటినీ కలిపితే, సడలింపును ఎత్తుగడనుంచి విడదీసి లెక్కించడం చాలదని తేలుతుంది. పర్యవేక్షకుడు విద్యార్థి ప్రవేశికను దిద్దేటప్పుడు ‘కావచ్చు’లను తగ్గించమనో పెంచమనో చెప్పే బదులు, ఒక్కొక్కదాని పక్కన రెండు ప్రశ్నలు రాయవచ్చు. ఈ వాక్యం ఏ పని చేస్తోంది? ఇక్కడ ఏ ఆధారం తక్కువైంది? రెండవ ప్రశ్నకు సమాధానం లేని చోట సడలింపును తీసివేయాలి. సమాధానముండీ వాక్యంలో కనిపించని చోట, ఆ ఆధారం పేరు రాయించాలి.